వాలంటీరు వెళ్లేముందు రాసివ్వాల్సిన నాలుగు పేజీలు

బడిలో హెడ్‌మాస్టర్ బదిలీ అయితే చార్జి లిస్టు రాస్తారు. అడ్మిషన్ రిజిస్టర్లు ఎన్ని, క్యాష్ బుక్‌లో నిల్వ ఎంత, బీరువా తాళాలు ఎన్ని, ల్యాబ్‌లో పనిచేసే మైక్రోస్కోపులు ఎన్ని అని వరసగా రాసి, ఇచ్చేవారూ తీసుకునేవారూ సంతకాలు పెడతారు. ఒక్క కుర్చీ తక్కువైనా ఎవరిని అడగాలో తెలుస్తుంది.

అదే బడికి ఒక వెబ్‌సైట్ ఉంటుంది. టీచర్లకు బడి పేరుతో ఈమెయిళ్లు, తల్లిదండ్రులకు ఎస్సెమ్మెస్‌లు పంపే ఖాతా, ఒక యూట్యూబ్ చానల్, వాట్సాప్ గ్రూపులు ఉంటాయి. ఇవన్నీ చాలా చోట్ల ఒక పూర్వ విద్యార్థో, కంప్యూటర్ తెలిసిన ఒక తండ్రో జీతం లేకుండా చూసిపెడుతుంటారు. ఆయనకు ఉద్యోగం మారో, పెళ్లయ్యో, విదేశానికి వెళ్లో తీరిక లేకపోతే చార్జి లిస్టు ఊసే ఉండదు. ‘‘పాస్‌వర్డులన్నీ వాట్సాప్‌లో పెట్టాను సార్, ఏదైనా ఉంటే ఫోన్ చేయండి’’ అన్న ఒక్క మాటతో అప్పగింత అయిపోతుంది.

పాస్‌వర్డులు ఇచ్చేస్తే అప్పగించినట్టే అనుకోవడం దగ్గరే చిక్కంతా మొదలవుతుంది. ఏ ఖాతా పోతే దాన్ని ఏ ఖాతా ద్వారా వెనక్కి తెచ్చుకోవచ్చు, అది ఎవరి పేరు మీద ఉంది, దాని గడువు ఎప్పుడు, ఓటీపీ ఏ ఫోనుకు వస్తుంది అన్నవి తెలియకపోతే పాస్‌వర్డు చేతిలో ఉండి కూడా లోపలికి వెళ్లలేం. ఇవన్నీ నాలుగు పేజీల్లో పడతాయి. ఖాతాలకు ఒకటి, గడువులకు ఒకటి, పాస్‌వర్డులు ఎక్కడున్నాయో చెప్పడానికి ఒకటి, ఎవరిని సంప్రదించాలో చెప్పడానికి ఒకటి.

గోదావరి జిల్లాల్లో ట్రస్టు నడిపే ఒక హైస్కూలును ఉదాహరణగా తీసుకుందాం. దానికి .org డొమైన్ ఉంది. టీచర్ల మెయిళ్లు గూగుల్ వాళ్లు గుర్తింపు పొందిన విద్యాసంస్థలకు ఉచితంగా ఇచ్చే వర్క్‌స్పేస్ ఫర్ ఎడ్యుకేషన్‌లో నడుస్తున్నాయి. కొన్నేళ్లుగా చూసుకుంటున్న పూర్వ విద్యార్థి ఈ వేసవిలో వెళ్లిపోతున్నాడు. ఆయన తర్వాత బడి బాధ్యత తీసుకోబోయేది అదే బడిలో చదివిన ఒక అమ్మాయి.

మొదటి పేజీ: ఏది దేని మీద ఆధారపడింది

ఖాతాల జాబితా రాయమంటే ఎవరైనా గుర్తొచ్చిన వరసలో రాస్తారు. రోజూ వాడేది కాబట్టి వెబ్‌సైట్ ముందు వస్తుంది, తర్వాత మెయిల్, ఫేస్‌బుక్. డొమైన్ ఏడాదికి ఒక్కసారి పలకరిస్తుంది కాబట్టి చివర్లో వస్తుంది, లేదా అసలు రాదు. రాయాల్సింది దీనికి సరిగ్గా తిరగేసి.

బడి పేరుతో ఉన్న చిరునామాను డొమైన్ అంటాం. దాన్ని మనకు ఏడాది లెక్కన అమ్మే సంస్థ రిజిస్ట్రార్. వెబ్‌సైట్ ఆ చిరునామా మీదే తెరుచుకుంటుంది, మెయిళ్లు కూడా దాని మీదే వస్తాయి. వర్క్‌స్పేస్‌కు పెద్ద దిక్కయిన సూపర్ అడ్మిన్ పాస్‌వర్డు పోయి వేరే దారి లేనప్పుడు, ఆ డొమైన్ మనదేనని నిరూపించమని గూగుల్ అడుగుతుంది. రిజిస్ట్రార్ ఖాతాలోకి వెళ్లి, గూగుల్ ఇచ్చిన ఒక రికార్డును డొమైన్ సెట్టింగుల్లో చేర్చగలిగితే ఖాతా తిరిగి చేతికొస్తుంది. మెయిల్ చేతికొస్తే ఆ మెయిల్ ఐడీతో తెరిచిన ఖాతాలన్నీ ‘పాస్‌వర్డు మర్చిపోయాను’ అన్న దారిలో తిరిగొస్తాయి. అంటే డొమైన్ ఉంటే మిగతావి తిరిగి తెచ్చుకోవచ్చు. డొమైన్ పోతే మిగతావి ఒక్కొక్కటే జారిపోతాయి. అందుకే పట్టికలో మొదటి గడి రిజిస్ట్రార్‌ది, రెండోది ఓటీపీలు వచ్చే సిమ్ కార్డుది. మెయిల్, వెబ్‌సైట్, ఎస్సెమ్మెస్, సోషల్ మీడియా వాటి తర్వాతే.

ఒక్కో ఖాతాకు అయిదు విషయాలు రాస్తే చాలు. అది దేనికి పనికొస్తుంది, ఎవరి పేరు మీద ఉంది, ఏ మెయిల్ ఐడీతో లాగిన్ అవుతాం, ఓటీపీ ఎక్కడికి వస్తుంది, పాస్‌వర్డు పోతే దాన్ని తిరిగి తెచ్చే దారి ఏది. మన ఉదాహరణ బడి నోట్‌లో డొమైన్ గడి ఇలా ఉంటుంది:

‘‘బడి డొమైన్. వెబ్‌సైట్, టీచర్ల మెయిళ్లు రెండూ దీని మీదే. యజమానిగా ట్రస్టు పేరు ఉంది, నా పేరు కాదు. లాగిన్ మెయిల్: ట్రస్టు పేరుతో తెరిచిన మామూలు జీమెయిల్ (బడి డొమైన్ మెయిల్ కాదు, మార్చకండి). ఓటీపీ: ఆఫీసు ఫోన్‌లోని బడి సిమ్‌కు. ఆ జీమెయిల్ పోతే: రికవరీ నంబరు కరస్పాండెంట్ గారిది. గడువు: మే 20.’’

ఇందులో ‘మార్చకండి’ అన్న మాట ఊరికే రాయలేదు. కొత్తగా వచ్చినవారికి రిజిస్ట్రార్ ఖాతాకు మామూలు జీమెయిల్ ఉండటం ఎబ్బెట్టుగా అనిపిస్తుంది. బడికి సొంత మెయిల్ ఉండగా ఇదేమిటని దాన్ని admin@ అంటూ బడి డొమైన్ మెయిల్‌కు మార్చేస్తారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ డొమైన్ గడువు తీరిన రోజున ఆ మెయిల్ కూడా పనిచేయడం మానేస్తుంది. గడువు తీరిందని రిజిస్ట్రార్ పంపే మెయిల్ అందులోకే రావాలి, పాస్‌వర్డు మార్చుకునే లింకూ అందులోకే రావాలి. రెండూ రావు. డొమైన్ బతకాలంటే మెయిల్ కావాలి, మెయిల్ రావాలంటే డొమైన్ బతకాలి. ఈ ముడి పడ్డాక విప్పాలంటే రిజిస్ట్రార్‌కు ట్రస్టు పత్రాలు పంపి, మేమే యజమానులమని రుజువు చేసుకోవాలి. ఆ రికార్డుల్లో యజమానిగా పాత వాలంటీరు సొంత పేరు ఉంటే బడి చూపే పత్రాలు కూడా అక్కరకు రావు. అందుకే ‘ఎవరి పేరు మీద ఉంది’ అన్న గడి ఖాళీగా వదలకూడదు.

బడికి మామూలు జీమెయిల్ ఉంటే దానికీ ఒక షరతు ఉంది. రెండేళ్లపాటు ఎవరూ తెరవని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలు చేస్తోంది. ఏటా డొమైన్ కోసం తప్ప తెరవని ఖాతా కాబట్టి, ప్రతి జనవరిలో ఒకసారి లాగిన్ కావాలని నోట్‌లో రాసిపెట్టాలి.

సిమ్ కార్డు సంగతి ఇంకా చిన్నదిగా కనిపిస్తుంది. ఆఫీసు బల్ల సొరుగులో పడి ఉండే ఆ పాత ఫోన్‌కే ఓటీపీలన్నీ వస్తాయి. ప్రీపెయిడ్ నంబరును 90 రోజులపాటు దేనికీ వాడకుండా, కనీసం 20 రూపాయల బ్యాలెన్స్ కూడా లేకుండా వదిలేస్తే కంపెనీ దాన్ని రద్దు చేయవచ్చు. ప్లాన్ గడువు తీరితే ఓటీపీలు అంతకుముందే ఆగిపోవచ్చు. రద్దయిన నంబరు కొన్నాళ్లకు ఇంకొకరికి వెళ్తుంది. అప్పుడు బడి ఖాతాల ఓటీపీలు ఆ కొత్త మనిషి ఫోనులో మోగుతాయి.

రెండో పేజీ: గడువులు

మన బడి డొమైన్ గడువు మే 20. ఏప్రిల్‌లో పాత వాలంటీరు తీరిక లేక పక్కకు తప్పుకున్నాడు, కొత్తామె ఇంకా చేరలేదు అనుకుందాం. ఏం జరుగుతుందో తేదీల వారీగా చూస్తే ఈ పేజీ విలువ అర్థమవుతుంది.

అంతర్జాతీయంగా డొమైన్ల వ్యవస్థను చూసే ఐకాన్ నిబంధనల ప్రకారం .com, .org లాంటి డొమైన్లకు గడువు దగ్గరపడుతోందని రిజిస్ట్రార్ దాదాపు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి చెప్పాలి. గడువు తీరాక అయిదు రోజుల్లోపు ఇంకోసారి చెప్పాలి. అంటే ఏప్రిల్ 20 ప్రాంతంలో ఒక మెయిల్, మే 13 ప్రాంతంలో రెండోది, మే 25లోపు మూడోది. మొదటిది వచ్చేసరికి చివరి పరీక్షల హడావిడి ముగిసి వేసవి సెలవులు మొదలవుతుంటాయి. మిగతా రెండూ నడి ఎండాకాలంలో వస్తాయి. బడి మెయిల్ తెరిచేవాళ్లుండరు.

మే 20న గడువు తీరుతుంది. ఆ తర్వాత కొద్ది రోజుల్లో వెబ్‌సైట్ స్థానంలో రిజిస్ట్రార్ పేజీ కనిపిస్తుంది, మెయిళ్లు ఆగిపోతాయి. సెలవులు కాబట్టి ఎవరూ గమనించరు. జూన్ 12న బడి తెరిచాక అడ్మిషన్ల కోసం వెబ్‌సైట్ చూసిన తల్లిదండ్రులు ఎవరో చెబితే విషయం హెడ్‌మాస్టర్ దాకా వెళ్తుంది. గడువు తీరాక 30 రోజుల వరకు మామూలు రుసుముతోనే రెన్యూ చేసుకోనిచ్చే రిజిస్ట్రార్ అయితే జూన్ 19 దాకా సమయం ఉన్నట్టు. ఈ వెసులుబాటు ఒక్కో రిజిస్ట్రార్ దగ్గర ఒక్కోలా ఉంటుంది. కొందరు అంత కూడా ఇవ్వరు. మనకు మిగిలింది వారం.

ఆ వారంలో లాగిన్ దొరకకపోతే తర్వాతి 30 రోజులు, అంటే జూలై 19 దాకా, డొమైన్‌ను విడిపించుకోవచ్చు. కానీ మామూలు రుసుముకు ఎన్నో రెట్లు కట్టాలి. ఆ గడువూ దాటితే అయిదు రోజులు ఎవరూ ముట్టుకోలేని దశ. జూలై 24 తర్వాత ఎవరు ముందు కొంటే వాళ్లది. కాస్త పేరున్న పాత డొమైన్లు ఎప్పుడు ఖాళీ అవుతాయా అని కాచుకు కూర్చునే వ్యాపారులున్నారు. పదేళ్లుగా బడి కరపత్రాల మీద, బ్యానర్ల మీద అచ్చయిన చిరునామా కొడితే జూదం ప్రకటనలు తెరుచుకునే అవకాశం ఉంది. అంతకన్నా ప్రమాదం కంటికి కనిపించదు. ఆ డొమైన్ కొన్నవారు అదే పేరుతో మెయిల్ పెట్టుకుంటే, పాత మెయిల్ ఐడీలకు వచ్చే ఉత్తరాలూ పాస్‌వర్డు మార్పిడి లింకులూ వాళ్లకు చేరతాయి.

డబ్బు దానంతట అదే కట్ అయ్యేలా ఆటో రెన్యూ పెట్టాం కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. మన దేశంలో దాన్ని నమ్ముకోకూడదు. రిజర్వు బ్యాంకు నిబంధనలు 2021 అక్టోబరు 1 నుంచి మారాయి. కార్డు నుంచి పదేపదే డబ్బు తీసుకోవాలంటే ముందుగా ఓటీపీతో అనుమతి నమోదు కావాలి. ప్రతిసారీ 24 గంటల ముందు కార్డుదారుకు సమాచారం వెళ్లాలి. ఈ పద్ధతిలో చేరని విదేశీ సంస్థలకు మన కార్డుల నుంచి ఆటోమేటిక్‌గా డబ్బు వెళ్లదు. పైగా ఆ కార్డు పాత వాలంటీరు సొంతదైతే, ఆయన కార్డు మార్చుకున్న రోజునే ఆటో రెన్యూ చచ్చిపోతుంది. తెర మీద మాత్రం ‘Auto-renew: ON’ అని పచ్చగా కనిపిస్తూనే ఉంటుంది.

కాబట్టి గడువుల పేజీలో ఒక్కో వరసకు నాలుగు విషయాలుండాలి. గడువు తేదీ, దానికి 60 రోజుల ముందు మనం పని మొదలుపెట్టాల్సిన తేదీ, సుమారు ఎంత అవుతుంది, డబ్బు ఎవరు ఏ ఖాతా నుంచి కడతారు. మన బడి నోట్‌లో డొమైన్‌కు రెండో తేదీ మార్చి 21 అవుతుంది. అప్పటికి బడి నడుస్తూ ఉంటుంది, గుమాస్తా ఉంటారు, చెక్కు మీద సంతకం పెట్టే కరస్పాండెంట్ ఊళ్లోనే ఉంటారు. ముందుగా కడితే రోజులేమీ నష్టపోం. కొత్త ఏడాది పాత గడువు తేదీ నుంచే కలుస్తుంది. ఒకేసారి మూడేళ్లకో అయిదేళ్లకో కట్టినా తప్పులేదు. .org లాంటివాటికి పదేళ్ల వరకు కట్టుకోవచ్చు. అయితే ఎక్కువ ఏళ్లకు కట్టిన బడిలో ఆ ఖాతా ఉందన్న సంగతే మర్చిపోతారు. అందుకని గడువు ఎంత దూరంలో ఉన్నా ఏటా మార్చిలో ఆ వరసను చూసి, చూసిన తేదీ పక్కన రాయాలి.

బ్రౌజరులో వెబ్‌సైట్ హెచ్చరిక లేకుండా తెరుచుకునేలా చేసే సర్టిఫికెట్ కూడా ఈ పేజీలోదే. చాలా బడులు వాడే ఉచిత లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లు మామూలుగా 90 రోజులకు వస్తాయి, సర్వర్ వాటిని తనంతట తానే కొత్తగా తెచ్చుకుంటుంది. ఎప్పుడైనా తెచ్చుకోలేకపోతే గడువు దగ్గరపడిందని ఆ సంస్థ ఇదివరకు మెయిల్ పంపేది. 2025 జూన్‌లో ఆ మెయిళ్లు ఆపేసింది. మెయిల్ వస్తుంది లెమ్మని పాత నోట్‌లో ఉంటే ఆ వాక్యం కొట్టేయాలి. దాని బదులు నెలకోసారి బడి వెబ్‌సైట్ తెరిచి హెచ్చరిక ఏమైనా వస్తోందేమో చూడమని రాయాలి.

మూడో పేజీ: పాస్‌వర్డులు ఎక్కడున్నాయి

ఈ పేజీలో పాస్‌వర్డు ఒక్కటీ ఉండకూడదు. నోట్‌ను జిరాక్స్ తీస్తారు, కమిటీ సభ్యులకు వాట్సాప్‌లో పంపుతారు, ఆఫీసు ఫైల్లో పెడతారు. ఎవరు చూసినా నష్టం లేని కాగితంగా ఉంటేనే అది నలుగురి దగ్గరా ఉంటుంది. పాస్‌వర్డులు ఎక్కడ దాచామో, ఆ చోటును ఎవరు తెరవగలరో మాత్రమే ఇందులో రాయాలి.

దాచడానికి ఉచితంగా దొరికే కీపాస్‌ఎక్స్‌సీ లాంటి ప్రోగ్రాము చిన్న బడికి సరిపోతుంది. పాస్‌వర్డులన్నీ .kdbx అన్న ఒక్క ఫైల్లో ఉంటాయి, ఆ ఫైలు ఒక మాస్టర్ పాస్‌వర్డుతో తెరుచుకుంటుంది. ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. మాస్టర్ పాస్‌వర్డు మర్చిపోతే మాత్రం తయారు చేసినవాళ్లు కూడా ఆ ఫైలు తెరవలేరు. అందుకని దాన్ని కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి, అంటించిన చోట హెడ్‌మాస్టర్, కరస్పాండెంట్ అడ్డంగా సంతకాలు చేసి తేదీ వేయాలి. కవరు బడి బీరువాలో ఉంటుంది. ఎప్పుడైనా చించాల్సి వస్తే, పని కాగానే మాస్టర్ పాస్‌వర్డు మార్చి కొత్త కవరు పెట్టాలి. కవరు చిరిగి ఉండి, ఎవరు చించారో ఎవరికీ తెలియకపోతే పాస్‌వర్డులు బయటికి పోయినట్టే లెక్క.

డొమైన్‌కూ మెయిల్‌కూ పడ్డ ముడి ఇక్కడ కూడా పడుతుంది. .kdbx ఫైలును బడి గూగుల్ డ్రైవ్‌లోనే దాచారనుకోండి. డ్రైవ్ తెరవడానికి కావలసిన పాస్‌వర్డు ఆ ఫైల్లోనే ఉంది. కాబట్టి డ్రైవ్‌లో ఒక ప్రతి ఉన్నా, ఇంకో ప్రతి పెన్‌డ్రైవ్‌లో ఉండాలి. ఆ పెన్‌డ్రైవ్ కవరు ఉన్న బీరువాలో కాకుండా కరస్పాండెంట్ ఇంట్లో ఉండాలి. రెండూ ఒకే అరలో ఉంటే ఆ అర తెరిచినవాళ్ల చేతికి అన్నీ వచ్చేస్తాయి.

రెండో అంచె తనిఖీ, అంటే పాస్‌వర్డు తర్వాత ఫోనులో చూసి కొట్టే ఆరంకెల కోడ్, అప్పగింతల్లో ఎక్కువగా మరిచిపోయేది. ఆ కోడ్ ఇచ్చే యాప్ పాత వాలంటీరు సొంత ఫోన్‌లో ఉంటే, ఆయన ఫోన్ మార్చినప్పుడో పోగొట్టుకున్నప్పుడో సరైన పాస్‌వర్డు కొట్టినా తలుపు తెరుచుకోదు. గూగుల్ ఇందుకోసం ఒక్కోసారి మాత్రమే పనిచేసే పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది. వాటిని ముద్రించి అదే కవరులో పెట్టాలి. ఒకటి వాడితే పెన్నుతో కొట్టేయాలి.

ఇంతా చేసి, ఒకే పాస్‌వర్డును అందరూ వాడుకునే పద్ధతి ఎంత తగ్గితే అంత మేలు. వర్క్‌స్పేస్‌లో కొత్తామెకు ఆమె పేరుతోనే వేరే సూపర్ అడ్మిన్ ఖాతా ఇవ్వొచ్చు. అలాంటివి ఎప్పుడూ రెండుండాలి. ఒకరి ఖాతా తెరుచుకోకపోతే రెండోవారు దాన్ని సరిచేస్తారు. ఫేస్‌బుక్ పేజీకి అసలు పాస్‌వర్డే ఉండదు, దాన్ని నడిపేవారి సొంత ప్రొఫైలుకు పూర్తి అధికారం ఇవ్వాలి. అది తెలియక కొందరు తమ సొంత ఫేస్‌బుక్ పాస్‌వర్డు రాసిచ్చి వెళ్తుంటారు. బ్రాండ్ ఖాతా మీద నడిచే యూట్యూబ్ చానల్‌లో కొత్తవారిని యజమానిగా చేర్చిన ఏడు రోజుల తర్వాతే ప్రధాన యజమానిగా మార్చగలం. ఆఖరి రోజున మొదలుపెడితే అది పూర్తి కాదు.

నాలుగో పేజీ: ఎవరిని అడగాలి

ఫోన్ నంబర్ల జాబితా ఎవరి దగ్గరైనా ఉంటుంది. ఏ పనికి ఎవరి దగ్గరకు వెళ్లాలో, ఆ పని చేసిపెట్టే అధికారం ఎవరికి ఉందో ఈ పేజీ చెప్పాలి. పేరు కన్నా హోదా ముందు రాయాలి. మనిషి మారినా కుర్చీ ఉంటుంది.

మన బడి నోట్‌లో ఈ పేజీ చిన్నదే. డబ్బు కట్టాలన్నా, ట్రస్టు లెటర్‌హెడ్ మీద సంతకం కావాలన్నా కరస్పాండెంట్. బడి సిమ్, బీరువా, కవరు హెడ్‌మాస్టర్ దగ్గర. వెబ్‌సైట్ తెరుచుకోకపోతే ముందు హోస్టింగ్ సంస్థ సహాయ కేంద్రం, దానితో పాటు మన కస్టమర్ నంబరు. తల్లిదండ్రులకు ఎస్సెమ్మెస్‌లు వెళ్లకపోతే ఎస్సెమ్మెస్ సంస్థ. ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం బడి తన పేరునూ, పంపే సందేశాల నమూనాలనూ డీఎల్‌టీ అనే వ్యవస్థలో ముందే నమోదు చేయించాలి. కాబట్టి ఫీజు సందేశంలో నమూనాకు లేని ఒక వాక్యం కలిపినా అది తల్లిదండ్రుల ఫోనుకు చేరదు. కొత్తవారు సందేశాలు పోవడం లేదని పాస్‌వర్డు మార్చి, రీఛార్జి చేసి, రెండు రోజులు తంటాలు పడే చోటిది. ఆమోదం పొందిన నమూనాలు ఏ ఫైల్లో ఉన్నాయో ఇక్కడ ఒక్క వాక్యంలో రాస్తే ఆ రెండు రోజులూ మిగులుతాయి.

వాలంటీరు చేతిలో ఉండకూడనివి కూడా ఈ పేజీలోనే రాయాలి. విద్యార్థుల వివరాలు నమోదయ్యే యూడైస్ ప్లస్‌కు బడి పదకొండంకెల కోడ్‌తో లాగిన్ అవుతారు. దాని బాధ్యత హెడ్‌మాస్టర్‌ది. అక్కడ ఇబ్బంది వస్తే మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో అడగాలి, వాలంటీరును కాదు. బ్యాంకు లాగిన్ సంతకం చేసే అధికారం ఉన్నవారిది. ‘‘నువ్వే చూసిపెట్టు బాబూ’’ అని ఎవరైనా ఇవ్వబోయినా తీసుకోవద్దని పాత వాలంటీరు కొత్తవారికి రాతలో చెప్పి వెళ్లాలి.

అప్పగింత రోజు

నోట్ రాయడం పూర్తయ్యాక దాన్ని పరీక్షించాలి. ఇద్దరూ హెడ్‌మాస్టర్ గదిలో కూర్చోవాలి. కీబోర్డు కొత్తామె దగ్గర ఉంటుంది. పాతాయన చేతులు కట్టుకుని కూర్చుంటాడు, నోట్‌లో లేని మాట ఒక్కటీ చెప్పడు. ఆమె మొదటి గడి నుంచి మొదలుపెట్టి ఒక్కో ఖాతాలోకి వెళ్లాలి.

‘‘అన్నా, రిజిస్ట్రార్ కోడ్ అడుగుతోంది. ఎక్కడికి వస్తుంది?’’

‘‘నన్నడగొద్దమ్మా, కాగితంలో చూడు.’’

ఆమె కాగితం చూసి సొరుగులోంచి బడి ఫోన్ తీస్తుంది. అందులో ఏమీ రాదు. ఇంతలో హెడ్‌మాస్టర్ జేబులోని ఫోన్ మోగుతుంది. ‘‘ఓటీపీ అంటూ ఏదో నాకొచ్చింది బాబూ, ఇదేనా?’’ అంటారు. అంటే నంబరు ఎప్పుడో మార్చారు, కాగితంలో మార్చలేదు. ఇలాంటి తేడాలు కూర్చుని చేస్తేనే దొరుకుతాయి. దొరికిన చోటల్లా అక్కడికక్కడే దిద్దాలి.

లాగిన్లన్నీ అయ్యాక వరస ముఖ్యం. ముందు కొత్తామెకు అధికారాలు ఇవ్వాలి. ఆమె ఒకసారి బయటికి వచ్చి, మళ్లీ లోపలికి వెళ్లగలిగిందని చూసుకోవాలి. తర్వాత పంచుకున్న పాస్‌వర్డులు మార్చాలి. పాతాయన అధికారాలు చిట్టచివర తీయాలి. వర్క్‌స్పేస్‌లో ఆయన ఖాతాను వెంటనే తొలగిస్తే ఆయన తయారుచేసిన ఫైళ్లు కూడా పోవచ్చు. ముందు వాటి యాజమాన్యాన్ని కొత్త ఖాతాకు బదిలీ చేయాలి. ఆయన సొంత ల్యాప్‌టాప్‌లో, సొంత డ్రైవ్‌లో ఉన్న పిల్లల జాబితాలు, ఆధార్ నకళ్లు, ఫోటోలు బడికి అప్పగించి చెరిపేయాలి, చెరిపేశానని నోట్ కింద సంతకం పెట్టాలి. పిల్లలు చదువు ముగించి వెళ్లిపోయినా వారి వివరాలు ఎవరి సొంత కంప్యూటర్లోనూ మిగిలిపోకూడదు.

ఆ రోజు తర్వాత రెండు వారాలు ఇంకో సంగతి కనిపెట్టుకుని ఉండాలి. డొమైన్ యజమాని వివరాల్లో మెయిల్ ఐడీ మారిస్తే, ఆ కొత్త ఐడీ నిజమైనదేనా అని రిజిస్ట్రార్ ఒక లింకు పంపుతుంది. 15 రోజుల్లోపు దాన్ని నొక్కకపోతే డొమైన్‌ను నిలిపేయవచ్చు. డబ్బు కట్టి ఉంటుంది, గడువూ ఉంటుంది, అయినా వెబ్‌సైట్ తెరుచుకోదు. కొత్తగా వచ్చినవాళ్లు ఆ మెయిల్‌ను మోసగాళ్లదని అనుమానించి పక్కన పడేస్తుంటారు. ఆ అనుమానం మంచిదే. మెయిల్‌లోని లింకును నమ్మబుద్ధి కాకపోతే నేరుగా రిజిస్ట్రార్ ఖాతాలోకి వెళ్లి చూస్తే అక్కడ కూడా అదే సూచన కనిపిస్తుంది.

నోట్‌ను మూడు ప్రతులు తీయాలి. బడి ఫైల్లో ఒకటి, కరస్పాండెంట్ దగ్గర ఒకటి, కొత్తామె దగ్గర ఒకటి. మొదటి పేజీ పైన చివరిసారి సరిచూసిన తేదీ ఉండాలి. ఆ తేదీకి ఏడాది దాటితే నోట్ పాతబడినట్టే.

మీ ఊరి బడికీ, మీరున్న సంఘానికీ .com లేదా .org చిరునామా ఉంటే ఒక పని చేయండి. lookup.icann.org తెరిచి ఆ చిరునామా కొట్టండి. ‘Registry Expiration’ అన్న చోట గడువు తేదీ కనిపిస్తుంది. ఆ తేదీ రాసుకుని హెడ్‌మాస్టర్ దగ్గరకో కార్యదర్శి దగ్గరకో వెళ్లి రెండు ప్రశ్నలు అడగండి: ఇది ఎవరి పేరు మీద ఉంది, దీని ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుంది? రెండింటికీ వెంటనే జవాబు రాకపోతే ఆ నాలుగు పేజీలు రాయించండి, రాయాల్సిన మనిషి ఇంకా ఊళ్లో ఉండగానే.